పోయిన ఫోను, ఆరంకెల "డెలివరీ కోడ్": కర్నూలులో నేను చూసిన ఒక కేసు

రాత్రి తొమ్మిది గంటలకు షాపు షట్టర్ సగం దించాక వచ్చారు వాళ్లు ముగ్గురూ. ముందు కూతురు, ఆమె పక్కన ఇంటర్ చదివే కొడుకు, వెనకగా పెద్దాయన. పెద్దాయన చేతిలో పాత కీప్యాడ్ ఫోను ఉంది. "అన్నా, నాయన ఫోను పోయింది, దొరికిందన్నారు, ఇప్పుడేమో నాయన పేరుతో ఎవరో అందరినీ డబ్బులడుగుతున్నారు" అని ఒక్క ఊపులో చెప్పేసింది ఆమె. షట్టర్ మళ్లీ ఎత్తాను.

కర్నూలులో ఫోన్ల సర్వీసు షాపు నడుపుతున్నాను. ఫోను పోయినవాళ్లు డూప్లికేట్ సిమ్ వేయించుకోవడానికో, పాత బిల్లు కోసమో నా దగ్గరికి వస్తారు. అలా వచ్చినవాళ్లకు ఫోను బ్లాక్ చేయించడం, సైబర్ ఫిర్యాదు రాసిపెట్టడం కూడా అలవాటైంది. ఇలాంటి మోసాలు చాలా చూశాను గానీ, ఈ కేసులో ప్రతి మెట్టూ స్పష్టంగా కనిపించింది. అందుకే వాళ్లను అడిగి, ఊరూ పేర్లూ తీసేసి రాస్తున్నాను.

పెద్దాయనది కోడుమూరు వైపు పల్లె. సోమవారం ఉల్లిగడ్డలు వేసుకుని కర్నూలు మార్కెట్ యార్డుకు వచ్చారు. పని అయ్యాక ఆటో ఎక్కి రాజ్‌విహార్ సెంటర్‌లో దిగారు. దిగి చూసుకుంటే జేబులో ఫోను లేదు. వేరేవాళ్ల ఫోన్ నుంచి రింగ్ చేస్తే మొదట రెండుసార్లు మోగింది, తర్వాత స్విచాఫ్. ఆ సాయంత్రం అల్లుడు ఫేస్‌బుక్‌లో, నాలుగైదు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన పెట్టాడు. అది నేను తెరిచి చదివాను. ఫోను కంపెనీ, మోడల్, నీలం రంగు, నల్ల కవరు, అద్దం మీద కుడివైపు పగులు, మార్కెట్ యార్డు నుంచి రాజ్‌విహార్‌కు ఆటోలో పోయిందని, తెచ్చిచ్చినవాళ్లకు 2,000 బహుమతి అని రాశాడు. చివర రెండు నంబర్లు ఇచ్చాడు: ఒకటి పోయిన ఫోనుది, ఒకటి భార్యది.

అల్లుడిని తప్పు పట్టడానికి ఇది చెప్పట్లేదు. ఎవరైనా ఇలాగే రాస్తారు. ఎంత వివరంగా రాస్తే అంత తొందరగా దొరుకుతుందని మనం అనుకుంటాం. కానీ మరుసటి రోజు ఫోన్ చేసిన మనిషి చెప్పిన మాటల్లో ఈ ప్రకటనలో లేనిది ఒక్కటీ లేదు. అది ఆ రాత్రి నాతో కూర్చుని ఒక్కో మాటా గుర్తుచేసుకున్నప్పుడే ఆమెకు తెలిసొచ్చింది.

మంగళవారం ఉదయం పదకొండున్నరకు పెద్దాయన డూప్లికేట్ సిమ్ తీసుకున్నారు. ఇంట్లో వాడకుండా పడేసిన కీప్యాడ్ ఫోన్‌లో వేసుకున్నారు. సాయంత్రం నాలుగు దాటాక కూతురికి కాల్ వచ్చింది. చక్కటి తెలుగు, మర్యాదగా "అక్కా" అంటూ మాట్లాడాడు. నిన్న ఆటోలో సీటు కింద దొరికిందని, తాను హైదరాబాద్‌లో ఉద్యోగమని, రాత్రి బస్సుకు వచ్చేశానని, ప్రకటన ఇప్పుడే చూశానని చెప్పాడు. నీలం ఫోను, నల్ల కవరు, కుడివైపు పగులు అన్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. బహుమతి ఇస్తామంటే "వద్దక్కా, పెద్దాయన కష్టం నాకు తెలుసు, కొరియర్ ఖర్చు పెట్టుకుంటే చాలు" అన్నాడు. ఆ మాటతో ఇంక అనుమానం అనేదే లేకుండా పోయింది.

కొరియర్‌కు 380 అడిగాడు. క్యూఆర్ కోడ్ పంపితే ఆమె స్కాన్ చేసి కట్టింది. పావుగంటకు మళ్లీ చేశాడు. ఫోన్ పార్సెల్ కాబట్టి ఇన్సూరెన్స్ 1,900 కట్టమంటున్నారని, డెలివరీ అయ్యాక అది వెనక్కి వస్తుందని చెప్పాడు. అదీ కట్టింది. ఇక్కడితో ఆగుంటే నష్టం 2,280. చాలా కేసులు ఇక్కడే ఆగుతాయి, అడిగేవాళ్లు మాయమవుతారు, పోగొట్టుకున్నవాళ్లు ఇంత చిన్న మొత్తానికి ఫిర్యాదెందుకని ఊరుకుంటారు. ఇతను ఆగలేదు. ఎందుకంటే అతనికి కావలసింది ఆ డబ్బుకన్నా పెద్దది.

ఆమె చెప్పినదాంట్లో నేను రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్న మాట ఒకటుంది. ఇన్సూరెన్స్ కట్టాక అతను "నాయన నంబర్‌కు కొత్త సిమ్ తీసుకున్నారా?" అని అడిగాడు. తీసుకున్నామంది. "ఎప్పుడు?" అన్నాడు. ఈ పొద్దున అంది. "అయితే మెసేజ్ రాదు, కాల్ వస్తుంది, ఆ ఫోను దగ్గర పెట్టుకోండి, కొరియర్ వాళ్ల కంప్యూటర్ ఆరంకెలు చెప్తుంది, అవి నాకు చెప్తే పార్సెల్ బుక్ అవుతుంది" అన్నాడు.

ఫోను దొరికినవాడికి మీరు సిమ్ ఎప్పుడు తీసుకున్నారో ఎందుకు కావాలి? సిమ్ మార్చాక మొదటి 24 గంటలు ఆ నంబర్‌కు ఎస్ఎంఎస్‌లు రావు, దాన్నుంచి పోవు. వేరేవాళ్లు మన పేరున సిమ్ తీసుకుని బ్యాంకు ఓటీపీలు లాగేయకుండా పెట్టిన నిబంధన అది. కాల్స్ మాత్రం పనిచేస్తాయి. వాట్సాప్‌ను కొత్త ఫోన్‌లో ఎక్కించేటప్పుడు ఆరంకెల కోడ్ మామూలుగా ఎస్ఎంఎస్‌లో వస్తుంది. అది అందకపోతే కాసేపటికి కాల్ ద్వారా చెప్పించుకునే వీలు కూడా ఉంది. అతనికి ఈ రెండూ తెలుసు. మోసం ఆపడానికి పెట్టిన గడియను పక్కనున్న కిటికీలోంచి దాటాడు.

కీప్యాడ్ ఫోను మోగింది. రికార్డు చేసిన గొంతు ఇంగ్లీషులో అంకెలు చెప్పింది. పెద్దాయనకు అర్థం కాక మనవడికి ఇచ్చారు. పిల్లోడు అంకెలు రాసుకుని తల్లికి చెప్పాడు, తల్లి అతనికి చెప్పింది. ఆ నిమిషంలో పెద్దాయన వాట్సాప్ ఆ మనిషి ఫోన్‌లో తెరుచుకుంది.

ఈ మోసం మొత్తం నిలబడింది ఒక్క సమాచారం మీద: పోయిన ఫోను నంబరు. అది లేకపోతే అతను వాట్సాప్‌లో ఏ నంబరు ఎక్కించాలో తెలియదు. కూతురి నంబరు మాత్రమే ప్రకటనలో ఉండుంటే, డెలివరీ ఖర్చు పేరుతో డబ్బు లాగేవాడేమో గానీ, పెద్దాయన పేరుతో ఎవరికీ మెసేజ్ పెట్టగలిగేవాడు కాదు. కూతురి వాట్సాప్ కోడే అడిగుంటే, అది ఆమె ఫోన్‌లోకే ఎస్ఎంఎస్‌గా వచ్చేది, "వాట్సాప్ కోడ్, ఎవరికీ చెప్పవద్దు" అన్న మాట ఆమె కళ్లముందే కనిపించేది.

రెండో గుర్తు, ఏ ఫోను మోగిందన్నది. కొరియర్ ఆఫీసు కోడ్ పంపితే పార్సెల్ మీద రాసిన నంబర్‌కు పంపుతుంది. ఇక్కడ పార్సెల్ అందుకోవాల్సింది కూతురు, మాట్లాడుతున్నది కూతురి నంబరు, డబ్బు కట్టింది కూతురు. మరి కోడ్ మాత్రం పోయిన నంబర్‌కే ఎందుకు రావాలి? పైగా నిజం కొరియర్‌లో కోడ్ ఉంటే అది పార్సెల్ గుమ్మం ముందుకొచ్చాక, తెచ్చిన మనిషికి చెప్పేది. పంపేవాడికి బుకింగ్ కోసం చెప్పేది కాదు.

ఇప్పుడు ఆ సాయంత్రం సంగతి. కొత్త ఫోన్‌లో వాట్సాప్ ఎక్కిస్తే పాత చాట్లు కనిపించవు, బ్యాకప్ ఉంటే తప్ప. కానీ ఆ నంబరు ఏయే గ్రూపుల్లో ఉందో అవి కనిపిస్తాయి, వాటిలోని నంబర్లు కనిపిస్తాయి. పెద్దాయన కుటుంబం గ్రూపు, ఊరి రైతుల గ్రూపు, గుడి కమిటీ గ్రూపు. అతను కుటుంబం గ్రూపులో ఏమీ రాయలేదు. ఒక్కొక్కరికీ విడిగా రాశాడు: "ఫోను దొరికింది. అర్జెంటుగా ఆస్పత్రిలో కట్టాలి. 15,000 పంపు, రేపు ఇస్తా." ఫోను పోయిన సంగతి బంధువులందరికీ తెలుసు. దొరికింది అన్న మాట వాళ్లకు సంతోషం కలిగించింది, దాని వెంటే వచ్చిన మాటను నమ్మించింది. ఆదోనిలో ఉన్న బావమరిది ఏడుంబావుకు 15,000 పంపాడు. పత్తికొండలో ఒక దగ్గరి మనిషి ఎనిమిదింబావుకు 12,000 పంపాడు. మూడో ఆవిడ డబ్బు పంపకుండా కూతురికి ఫోన్ చేసి "నాయనకు ఏమైంది?" అని అడగడంతో విషయం బయటపడింది. ఆ ఒక్క ఫోన్‌కాల్ లేకపోతే ఆ రాత్రి ఇంకెంత పోయేదో.

నేను చేసిన పనుల వరుస చెప్తాను, ఎందుకంటే ఇందులో వరుసే ముఖ్యం. మొదట అందరూ అడిగేది "వాట్సాప్ వెనక్కి తీసివ్వు అన్నా" అని. నేను దాన్ని రెండోది చేశాను. మొదట బావమరిదికి, పత్తికొండ ఆయనకు ఫోన్ చేయించి, ఎవరికి వాళ్లే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమన్నాను. డబ్బు వాళ్ల ఖాతాల్లోంచి పోయింది కాబట్టి ఫిర్యాదు వాళ్లు చేస్తేనే వివరాలు సరిగ్గా చెప్పగలరు. యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే 12 అంకెల లావాదేవీ నంబరు ఉంటుంది. అది, టైము, మొత్తం, ఏ ఐడీకి పోయిందో దగ్గర పెట్టుకుని మాట్లాడమన్నాను. ఈ నంబరు చేతిలో లేకుండా ఫోన్ చేస్తే వెతుక్కోవడంలోనే టైము పోతుంది. 1930లో ఫిర్యాదు నమోదైతే డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్తుంది, ఖాతాలో అప్పటికి మిగిలి ఉన్నంత ఆపుతారు. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడినుంచి ఏటీఎంకు పోయేలోపు పట్టుకోవాలి. అందుకే ముందు ఇది.

వాళ్లు అక్కడ మాట్లాడుతుండగా ఇక్కడ పెద్దాయన సిమ్ తీసి నా షాపులో ఉన్న స్మార్ట్‌ఫోన్‌లో వేశాను. వాట్సాప్‌లో ఆయన నంబరు కొట్టాను. కొంతసేపు ఆగమని టైమర్ చూపించింది. ఆ సమయంలో ఆమెకు టెన్షన్ తట్టుకోలేక చేతులు వణికాయి. ఎస్ఎంఎస్ ఎలాగూ రాదు, కాల్ కోసం ఆగి కోడ్ తీసుకున్నాం. అది కొట్టగానే ఇంకో ఆరంకెల పిన్ అడిగింది. ఆ పిన్ పెట్టింది వాడు. టూ స్టెప్ వెరిఫికేషన్ అంటారు దాన్ని. ఖాతా చేజిక్కగానే వీళ్లు మొదట చేసే పని అదే. పిన్ తెలియకపోతే ఏడు రోజులు ఆగాలి.

ఇక్కడ చాలామంది "ఇంక మన చేతిలో లేదు" అని వదిలేస్తారు. నిజానికి మనం కోడ్ కొట్టిన క్షణానే వాడు ఆ ఖాతా నుంచి బయటికి పోతాడు. మనకు పిన్ తెలియకపోయినా సరే. ఏడు రోజులు మనకూ వాట్సాప్ తెరుచుకోదు, వాడికీ తెరుచుకోదు. ఆ రాత్రికి అది చాలు. తర్వాత కూతురి ఫోన్ నుంచి, మనవడి ఫోన్ నుంచి అన్ని గ్రూపుల్లో మెసేజ్ పెట్టించాను. రాసి ఊరుకుంటే చదవనివాళ్లుంటారని ముసలివాళ్లకు కాల్స్ కూడా చేయించాను.

ఇదంతా జరుగుతుండగా, పదింటి లోపల, కూతురికి మళ్లీ అతని కాల్ వచ్చింది. వాట్సాప్ చెయ్యిజారిందని తెలిసింది కాబోలు. "అక్కా, కోడ్ తప్పు వచ్చిందంట, ఇంకోసారి కాల్ వస్తుంది" అన్నాడు. స్పీకర్‌లో పెట్టమన్నాను. అంతకుముందే పెద్దాయన్ని అడిగి ఒక సంగతి తెలుసుకున్నాను. ఆయన ఫోను కవరు వెనక ఆ రోజు మార్కెట్‌లో తూకం రాసిచ్చిన చీటీ, తక్‌పట్టీ అంటాం దాన్ని, మడిచి పెట్టుకున్నారు. ప్రకటనలో అది లేదు. "తమ్ముడూ, కవరు తీసి లోపల ఏముందో చెప్పు" అన్నాను. "పార్సెల్ ప్యాక్ అయిపోయిందన్నా" అన్నాడు. "ఇందాక కోడ్ రాకపోతే బుక్ కాదంటివే, ఎట్లా ప్యాక్ చేస్తివి?" అంటే లైను కట్ అయింది. మరుసటి రోజు నుంచి ఆ నంబరు పనిచేయలేదు.

ఈ పరీక్ష ఎప్పుడూ పనిచేస్తుందని చెప్పను. నిజంగా ఫోను దగ్గరున్న దొంగ అయితే తక్‌పట్టీ ఉందని చెప్పేస్తాడు. అప్పుడు మోసం ఇంకో రకంగా ఉంటుంది. ఐఫోన్ల విషయంలో అదే చూస్తాను. ఫోను వాడి దగ్గరే ఉంటుంది, కానీ యజమాని ఆపిల్ ఖాతాకు లాక్ అయి ఉంటుంది కాబట్టి అమ్ముకోలేడు. అందుకని స్క్రీన్ పాస్‌కోడ్ అడుగుతాడు, లేదా "మీ ఫోను ఇక్కడుంది, చూడండి" అని ఒక లింకు పంపి అందులో పాస్‌వర్డ్ కొట్టిస్తాడు, లేదా పోయిన ఐఫోన్‌ను వెతికే ఫైండ్ మై యాప్ నుంచి ఆ ఫోన్‌ను తీసేయమంటాడు. ఆ లాక్ ఒక్కటే ఫోను వాడికి పనికిరాకుండా చేస్తున్నది. అది తీసేస్తే ఫోను ఇంక తిరిగి రాదు. పాస్‌కోడ్ కూడా చెప్తే అందులోని ఫోటోలు సైతం వాడికి తెరుచుకుంటాయి.

నిజాయితీగా తిరిగి ఇచ్చేవాళ్లు ఉంటారు, వాళ్లకు అన్యాయం జరగకూడదని కూడా నా బాధ. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 168వ సెక్షన్ ప్రకారం, వస్తువు దొరికినవాడు దాన్ని కాపాడి యజమానిని వెతకడానికి పెట్టిన ఖర్చు తీరేదాకా దాన్ని తన దగ్గర ఉంచుకోవచ్చు. బహుమతి ప్రకటించి ఉంటే దానికోసం దావా కూడా వేయవచ్చు. కాబట్టి ఖర్చులు అడగడమే దొంగతనానికి గుర్తు కాదు. నా షాపుకు కూడా దొరికిన ఫోన్లు తెచ్చి, చార్జింగ్ పెట్టి, ఎవరైనా రింగ్ చేస్తారేమోనని కూర్చున్నవాళ్లున్నారు. ఒక ఆటో అన్న అలాగే రెండు గంటలు కూర్చుని, ఫోను వాళ్ల చేతికిచ్చి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. అలాంటివాళ్లకు వీడియో కాల్‌లో ఫోను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూపించమంటే ఇబ్బంది ఉండదు. ఫోటో పంపితే సరిపోదు, ఆ మోడల్ ఫోటోలు ఎక్కడైనా దొరుకుతాయి. దూరంలో ఉంటే పోలీస్ స్టేషన్‌లో ఇవ్వమనండి. స్టేషన్ అంటే భయపడేవాళ్లు మన వైపు చాలామంది, దాన్ని బట్టి దొంగ అనుకోకండి. బస్టాండులో డిపో ఆఫీసులోనో, వాళ్లకు తెలిసిన షాపులోనో ఇమ్మనండి, మనం పోయి తెచ్చుకుని ఖర్చులు అక్కడే చేతికిద్దాం. వస్తువు కళ్లముందుకు రాకముందే ముందు డబ్బు, ముందు కోడ్ అనేవాడితోనే పేచీ.

బుధవారం ఉదయం పెద్దాయన్ని తీసుకుని స్టేషన్‌కు వెళ్లాం. ఫోను పోయిన ఫిర్యాదు వేరు, మోసం ఫిర్యాదు వేరు. రెండూ రాశాం. కూతురు కట్టిన 2,280 కూడా cybercrime.gov.in లో ఆమె పేరున నమోదు చేశాను. చిన్న మొత్తమని వదలొద్దన్నాను. బంధువుల డబ్బు ఏ ఖాతాకు పోయిందో, ఈ డబ్బు కూడా అక్కడికే పోయుంటే కేసుకు ఆ లంకె పనికొస్తుంది. తర్వాత ceir.gov.in లో ఫోన్‌ను బ్లాక్ చేయించాం. 2023 మే నుంచి దేశమంతా అందుబాటులో ఉన్న పోర్టల్ అది. ఫోను పెట్టె మీదున్న 15 అంకెల ఐఎంఈఐ, కొన్న బిల్లు, పోలీసు ఫిర్యాదు కాపీ, గుర్తింపు కార్డు కావాలి, ఓటీపీ అందుకునే నంబరు కావాలి. అదృష్టం కొద్దీ పెద్దాయన పెట్టె పారేయలేదు, బీరువాలో పాస్‌బుక్కుల కింద దాచారు. బ్లాక్ అయిన ఫోన్‌లో ఎవరైనా సిమ్ వేస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. యూపీఐ, బ్యాంకు యాప్‌లను అప్పుడే బ్యాంకుకు చెప్పి ఆపించాం. అది సోమవారమే చేయాల్సింది.

డబ్బు సంగతి. పత్తికొండ ఆయన పంపిన 12,000 ఖాతాలో ఉండగానే ఆగింది. తర్వాత కోర్టు ఉత్తర్వుతో వెనక్కి వచ్చింది, కొన్ని నెలలు పట్టింది. ఆదోని బావమరిది 15,000 అప్పటికే డ్రా అయిపోయింది, రాలేదు. ఆ రెండింటి మధ్య తేడా ఒక గంట. ఖాతా వేరే రాష్ట్రంలో ఎవరో కూలీ పేరున ఉందని, కమీషన్‌కు ఆశపడి ఖాతా ఇచ్చాడని స్టేషన్‌లో చెప్పారు. ఫోన్ చేసిన మనిషి దొరకలేదు.

ఆ తర్వాత ఆ బావమరిది పెద్దాయనతో కొన్నాళ్లు మాట్లాడలేదు. "నీ ఫోన్ నుంచే కదా అడిగింది" అన్నాడట. పెద్దాయన ఉల్లిగడ్డల డబ్బులోంచి 5,000 ఇవ్వబోతే, కూతురు ఆపి, నన్ను పిలిపించి, ఆయనకు ఇదంతా మళ్లీ చెప్పించింది. ఆ పని వాట్సాప్ వెనక్కి తీసుకోవడం కన్నా కష్టమైంది నాకు.

పోయిన ఫోన్ల ప్రకటన రాసిపెట్టమని ఎవరైనా అడిగితే ఇప్పుడు ఇంతే రాస్తున్నాను: "సోమవారం కర్నూలులో ఫోను పోయింది. దొరికినవారు ఈ నంబర్‌కు చెప్పగలరు." ఇంట్లోవాళ్ల నంబరు ఒక్కటే ఇస్తాను. రంగు, కవరు, పగులు, పోయిన దారి, పోయిన నంబరు ఏవీ రాయను. అవి అవతలివాళ్లు మనకు చెప్పాలి. డూప్లికేట్ సిమ్ వచ్చిన గంటలోపు, ఎవరి స్మార్ట్‌ఫోన్‌లోనైనా వేసి ముందు వాట్సాప్ తెరిపిస్తున్నాను, టూ స్టెప్ పిన్ మనమే పెడుతున్నాం. సిమ్‌ను నేరుగా కీప్యాడ్ ఫోన్‌లో వేసుకుని పోయేవాళ్లను ఆపి మరీ చేయిస్తున్నాను.

రెండు నెలల తర్వాత స్టేషన్ నుంచి కబురొచ్చింది. ఆ ఫోన్‌లో ఎవరో సిమ్ వేశారు, పోలీసులు పట్టుకున్నారు. ఫోను కర్నూలు దాటలేదు. ఆటోలో దొరికినవాడు దాన్ని ఇంకొకరికి తక్కువకు అమ్మాడట. హైదరాబాద్ కొరియర్ మనిషి దాన్ని ఎప్పుడూ చూడనే లేదు. పెద్దాయన ఫోను తీసుకుని నా షాపుకే వచ్చారు, అన్‌బ్లాక్ చేయించుకోవడానికి. కౌంటర్ మీద పెట్టి కవరు తీశారు. తక్‌పట్టీ అలాగే మడతలో ఉంది. తూకం అంకెలు చెరిగిపోయాయి, తేదీ మాత్రం కనిపిస్తోంది.